కోల్‌కతా బజారులో చేపలు, మిఠాయిల ధరల పట్టిక: తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగం మీద కోల్‌కతా వచ్చిన తెలుగు కుటుంబాలకు మొదటి వారంలోనే ఎదురయ్యే టెన్షన్ బజారు బోర్డు. చేపల బజారులో నల్ల పలక మీద సుద్దతో, మిఠాయి కొట్లో గాజు పెట్టె మీద అంటించిన అట్టల మీద, పేర్లూ ధరలూ అన్నీ బెంగాలీలోనే. కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవాటికి జవాబులు కింద ఉన్నాయి. ఇందులో వేసిన ధరలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. ఆ రోజు బోర్డు మీద ఉన్నదే అసలు ధర.

చేపల పేర్లు తెలుగులోకి మార్చి జాబితా రాసుకుంటే సరిపోదా?

సగం పని అవుతుంది. బోర్డు మీద ఒక్కో వరసలో మామూలుగా మూడు సంగతులు ఉంటాయి: చేప పేరు, అది ఏ స్థితిలో ఉందో చెప్పే చిన్న మాట, ధర. పేరు అందరూ నేర్చుకుంటారు. డబ్బు పోయేది ఆ చిన్న మాట దగ్గర. "గోటా" అంటే నిండు చేప, "కాటా" అంటే కోసిన ముక్కలు. "జ్యాంతో" అంటే బతికున్నది, తొట్టెలో కొట్టుకుంటూ కనిపిస్తుంది. "దేశి" లేదా "లోకల్" అంటే చుట్టుపక్కల చెరువులది, "చాలాని" అంటే బయటి నుంచి ఐస్‌లో వచ్చినది. ఒకే కాత్లాకు ఈ మాటలను బట్టి మూడు నాలుగు ధరలు ఉండొచ్చు. బోర్డు మీద ఉన్న అతి తక్కువ ధర చూసి వెళ్లి, పక్క తొట్టెలోని బతికున్న చేపను చూపించి, తూకం అయ్యాక గొడవపడేవాళ్లను ఏ ఆదివారమైనా చూడొచ్చు.

అంకెలు కూడా బెంగాలీలోనే ఉంటే?

ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: మన కంటికి 8 లా కనిపించేది బెంగాలీలో 4. చాలామంది బోల్తాపడేది ఇక్కడే, 1400 అని రాస్తే 1800 అనుకుని వెనక్కి తిరిగి వచ్చేస్తారు. 9 లా కనిపించేది 7. చేతిరాతను బట్టి ఒకటి కూడా కొంచెం 9 లాగే ఉంటుంది, కానీ ధరలో మొదటి అంకెగా వస్తే ఏదో అర్థమైపోతుంది. సున్నా, రెండు మనకు ఇబ్బంది పెట్టవు. అనుమానం వస్తే "కతో?" అని అడగండి. ఎంత అని దానర్థం. నోటితో చెప్పే లెక్క హిందీకి దగ్గరగానే ఉంటుంది.

రుయి, కాత్లా, మృగేల్ అంటే మన దగ్గర ఏవి?

రుయి అంటే రోహు. కోస్తాలో శీలావతి అంటాం, తెలంగాణలో రవ్వ అంటారు. కాత్లా మన బొచ్చె. మృగేల్ మన మోసు. ఈ మూడూ మనవాళ్లకు కొత్త చేపలు కావు, పైగా చాలాసార్లు అవి మన ఊళ్ల నుంచే వస్తాయి. కొల్లేరు చుట్టూ, కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువుల్లో పెరిగిన రోహూ బొచ్చే ఐస్ వేసిన పెట్టెల్లో లారీలెక్కి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణించి హౌరా టోకు బజారుకు చేరతాయి. కోల్‌కతా బోర్డు మీద "చాలాని" అనో, కొన్నిచోట్ల నేరుగా "ఆంధ్రా" అనో రాసేది వీటినే. భీమవరం మనిషి ఇక్కడికొచ్చి భీమవరం చేపనే బెంగాలీ పేరుతో కొంటాడన్నమాట.

బెంగాలీ ఇంటివాళ్లు మాత్రం చాలానిని కాస్త చిన్నచూపు చూస్తారు. రుచి తగ్గిందంటారు. అందులో కొంత నిజం ఉంది, ఐస్‌లో రోజులు గడిచేకొద్దీ కండ మెత్తబడుతుంది. కానీ అన్నీ ఒకేలా రావు. మొప్ప ఎత్తి చూడండి. ఎర్రగా, తడిగా ఉంటే తీసుకోవచ్చు. ఇటుక రంగుకో, బూడిద రంగుకో తిరిగి జిగురుగా ఉంటే వద్దు. వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోయినా వద్దు. చాలాని చేపను నిండుగా ఉన్నప్పుడే చూసి ఎంచుకోవడం మేలు, ముక్కలయ్యాక మొప్ప కనబడదు.

"కాటా పోనా" అని ఉంది. పిల్ల చేపల ముక్కలా?

కాదు. పోనా అంటే మామూలుగా చేపపిల్లే, కానీ బజారు మాటలో "కాటా పోనా" అంటే కోసిన రుయి, కాత్లా ముక్కలు. మాటను బట్టి అర్థం చేసుకుంటే పూర్తిగా తప్పుతుంది, ఎందుకంటే ఆ ముక్కలు పెద్ద చేపలవే. నిజంగా చిన్న చేపలు కావాలంటే "చారాపోనా" అని రాసి ఉన్నది చూడండి. అరచేతి పొడుగున్న లేత రోహు, బొచ్చె, మోసు అవి. నిండుగా పులుసు పెట్టుకోవడానికి బాగుంటాయి, ముళ్లు ఓపిగ్గా తీసుకునేవాళ్లకే.

గోటా చవక కదా, కాటా ఎందుకు కొనాలి?

మీ ఇంట్లో తలకాయ తింటారా, తినరా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక లెక్క చూద్దాం. కాత్లా గోటా కిలో 300, కాటా కిలో 400 అని బోర్డు మీద ఉందనుకోండి. రెండున్నర కిలోల చేప తీసుకున్నారు, 750 అయింది. తూకం ముందే అయిపోతుంది, పొలుసు, పేగులు తీసేది తర్వాత. బాగు చేసి ఇచ్చాక చేతికి రెండు కిలోల వంద గ్రాములు వచ్చింది, అందులో తలకాయే ఆరు వందల గ్రాములు. కాత్లాది పెద్ద తల, రుయికి ఇంత ఉండదు. మిగిలిన ముక్కలు కిలోన్నర.

తలకాయ కూడా వండుకునే ఇల్లైతే 2.1 కిలోలకు 750, అంటే కిలో 357 పడింది, కాటా కన్నా నయం. తలకాయ పక్కింటికి ఇచ్చేసే ఇల్లైతే కిలోన్నర ముక్కలకు 750, అంటే కిలో 500. అదే కిలోన్నర కాటా కొనుక్కుంటే 600 కే వచ్చేది. ఇక్కడివాళ్లు తలకాయను పెసరపప్పుతోనో, బియ్యంతో ముడిఘంటోగానో వండుతారు కాబట్టి గోటా వాళ్లకు గిట్టుబాటే.

కాటా కొనేటప్పుడు ఇంకో చిన్న సంగతి ఉంది. "పేటి" అంటే పొట్టవైపు ముక్క, కొవ్వు ఉంటుంది, ముల్లు తక్కువ. "గాదా" అంటే వీపువైపు ముక్క, కండ ఎక్కువ, సన్న ముళ్లు కూడా ఎక్కువే. "ల్యాజా" తోక. మీరేమీ అనకపోతే మూడూ కలిపి వేసేస్తాడు. పిల్లలకైతే "పేటి దీన్, దాదా" అనండి. దానికి ధర కాస్త ఎక్కువ చెప్పొచ్చు, చెప్పినా పేటి తినే పిల్లల ఇంట్లో అది దండగ కాదు.

ఇలిష్ అంటే పులసేనా?

చేప ఒకటే. సముద్రంలో దొరికితే మన తీరంలో ఇలస, విలస అంటారు. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చినప్పుడు ఎదురీది పైకి వచ్చిందే పులస. బెంగాలీలో రెంటికీ ఇలిష్ అనే అంటారు, ఏ నీటిదో పక్కన రాస్తారు. కాబట్టి బోర్డు మీద ఇలిష్ కనబడగానే "పులస" అని రాసుకోకండి, అది గోదావరిది కాదు, ధర కూడా ఆ లెక్కలో ఉండదు. "ఇలస" అని రాసుకుంటే సరిగ్గా సరిపోతుంది. మన వైపు వర్షాకాలంలో పులస పేరు చెప్పి అమ్మేవాటిలో ఇటునుంచి, ఒడిశా నుంచి వచ్చిన ఇలసలు కూడా ఉంటాయన్నది గోదావరి జిల్లాలవాళ్లకు తెలియని రహస్యమేమీ కాదు.

పక్కన రాసే ఊరి పేర్లలో డైమండ్ హార్బర్, దీఘా, కోలాఘాట్ ఈ రాష్ట్రానివి. పద్మా అంటే బంగ్లాదేశ్ వైపు నది. అక్కడి ప్రభుత్వం 2012 లో ఇలిష్ ఎగుమతి ఆపేసింది. 2019 నుంచి దుర్గాపూజ ముందు ప్రత్యేక అనుమతితో కొంత సరుకు వస్తోంది. అందుకే ఏడాది పొడుగునా "పద్మా" అని అరిచేవాణ్ని చూసి నవ్వుకోవచ్చు. "బర్మా" అంటే మయన్మార్ నుంచి గడ్డకట్టించి తెచ్చింది. చూడ్డానికి పెద్దగా, చవకగా ఉంటుంది, వాసన తక్కువ.

ఇలిష్‌కు ఒకే బోర్డు మీద నాలుగు ధరలు ఎందుకు?

సైజును బట్టి. ఇలిష్‌లో చేప పెద్దదయ్యేకొద్దీ కిలో ధర పెరుగుతుంది. అర కిలో లోపు చేపకు ఒక ధర, ఏడెనిమిది వందల గ్రాములదానికి ఒకటి, కిలో దాటితే మరొకటి. అర కిలో చేపలు రెండు కొన్నా, కిలో చేప ఒక్కటి కొన్నా తూకం ఒకటే అయినా డబ్బు ఒకటి కాదు, రెండోదానికి చాలా ఎక్కువవుతుంది. పెద్ద చేపకు నూనె ఎక్కువ, ముక్క విరగదు, ముళ్లు తీసుకోవడం తేలిక.

"డిమ్" అంటే గుడ్లు, ఇలిష్ వరసలో ఆ మాట ఉంటే జనతో ఉన్న చేప. మనవాళ్లు జన ఉందని సంబరపడి కొంటారు. ఇక్కడి పాతకాపులు మాత్రం జన లేని చేపనే వెతుకుతారు. నూనె, కండ జనలోకి పోయి రుచి తగ్గుతుందని వాళ్ల లెక్క. మీకు జన వేపుడు ఇష్టమైతే వాళ్ల మాట వినక్కర్లేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం ఉంటుంది, మన ఆంధ్రాలోనూ అవే తేదీలు. ఆ రోజుల్లో బోర్డు మీద సముద్రపు ఇలిష్ కనిపిస్తే చాలావరకు కోల్డ్ స్టోరేజీ సరుకే.

"ఖోకా ఇలిష్" బాగా చవకగా ఉంది. కొనొచ్చా?

కొనకండి. ఖోకా అంటే బుడ్డోడు. 23 సెంటీమీటర్ల లోపు ఇలిష్‌ను పట్టడం, అమ్మడం పశ్చిమ బెంగాల్‌లో నిషేధం. పైగా ముళ్లే తప్ప కండ ఉండదు.

మిగతా చేపల సంగతి?

వాలుగను బోయాల్ అంటారు, కొర్రమీనును శోల్ అంటారు. భేట్కి మన పండుగప్ప. ట్యాంగ్రా జెల్ల, మాగుర్ మార్పు, పుంటి పరిగె. పమ్‌ఫ్రెట్ చందువ. లోయిట్టా అంటే వనమట్ట, విశాఖవాళ్లకు చెప్పక్కర్లేదు. కాంక్రా పీత, శుంట్కి ఎండుచేప. పాబ్దా అని సన్నగా, పొలుసు లేకుండా, నున్నగా మెరిసే చేప ఉంటుంది. దానికి తెలుగు పేరు వెతకడం కన్నా పాబ్దా అనే గుర్తుపెట్టుకోండి. ముల్లు తక్కువ, చేప కొత్తగా తినేవాళ్లకు హాయి.

వీటిలో జాగ్రత్తపడాల్సింది భేట్కి ఫిలే దగ్గర. ముల్లు తీసిన పండుగప్ప ముక్కల పేరుతో చవక బాసా ముక్కలు అమ్మడం ఇక్కడ అందరికీ తెలిసిన మోసం. భేట్కి కండ గట్టిగా ఉండి, వండితే పొరలుగా విడుతుంది. బాసా మెత్తగా, నీరు కారుతూ ఉంటుంది. నిండు చేప చూపించి, మీ ఎదురుగా కోయించుకుంటే ఈ అనుమానమే ఉండదు.

డిక్షనరీ చూసి మార్చుకుంటే వింత అర్థాలు వస్తున్నాయి, ఎందుకు?

కొన్ని చేపల పేర్లకు బెంగాలీలో వేరే మామూలు అర్థాలు కూడా ఉన్నాయి కాబట్టి. "కోయ్" అంటే "ఎక్కడ" అని కూడా, అందుకే జాబితాలో ఒకచోట "ఎక్కడ: కిలో 500" అని వస్తుంది. కోయ్ అంటే నీళ్లు లేకపోయినా చాలాసేపు బతికే, మొప్పల దగ్గర ముళ్లున్న చిన్న మంచినీటి చేప. దాదాపు ఎప్పుడూ బతికున్నదే అమ్ముతారు. "బాటా" అంటే నూరిన ముద్ద అని కూడా, ఆవముద్దను "శర్షే బాటా" అనేది ఆ అర్థంలోనే. చేపల బోర్డు మీద బాటా అంటే రోహు కుటుంబంలోని చిన్న చేప. "భోలా"కు మరిచిపోవడం అన్న అర్థం ఉంది, ఇక్కడ అది సముద్రపు చేప. చేపల వరసలో ఉన్న మాటకు అర్థం వెతక్కండి, పేరుగానే ఉంచేయండి.

గల్దా, బాగ్దా రెండూ రొయ్యలేనా?

రెండూ చింగ్రీలే, అంటే రొయ్యలే. గల్దా మన నీలకంఠ రొయ్య, మంచినీటిది, నీలం చేతులు, పెద్ద తల. బాగ్దా టైగర్ రొయ్య, ఉప్పునీటిది, ఒంటి మీద చారలు. గల్దా తలలో కొవ్వు కోసమే కొనేవాళ్లున్నారు. తల తీసి పారేసేవాళ్లు బాగ్దా తీసుకోవడం మంచిది, తూకంలో తల వాటా తక్కువ. "కుచో చింగ్రీ" అంటే చిట్టి రొయ్యలు, సొరకాయలోకి బ్రహ్మాండం.

మిఠాయి కొట్లో ఒకే రసగుల్లా పేరు మూడు అట్టల మీద ఉంది. తేడా ఏమిటి?

సైజు. పదికి ఒకటి, పదిహేనుకు ఒకటి, ఇరవైకి ఒకటి. ధరే ఇక్కడ సైజు పేరు. కొట్లో "దశ్ టాకార్ దశ్‌టా" అంటారు, పది రూపాయలవి పది అని. సందేశ్, రసగుల్లా, పాంతువా లాంటివి పీసు లెక్కన అమ్ముతారు. మిష్టి దోయి, అంటే తియ్యటి ఎర్రపెరుగు, మిహిదానా, బోందే లాంటివి కిలో లెక్కన. మిష్టి దోయి మట్టిముంతలో ఉంటుంది, ఆ ముంతను "భాంర్" అంటారు. కిలో చొప్పున కొంటే ముంత బరువు తీసేశాడా అని ఒకసారి అడగండి.

తెలిసిన మాటల్లా కనిపించి తప్పుదారి పట్టించేవి ఏవి?

మొదటిది "ఛానా". హిందీ అలవాటుతో శనగలు అనుకుంటాం. ఇక్కడ ఛానా అంటే పాలు విరగ్గొట్టి నీరు వడకట్టిన ముద్ద, పనీర్‌లా బరువు పెట్టి గట్టిగా నొక్కరు. బెంగాలీ మిఠాయిల్లో చాలావాటికి మూలం ఇదే. "ఛానార్ జిలిపి" అంటే దీన్ని వేయించి పాకంలో వేసింది, మన జిలేబీలా కరకరలాడదు, మెత్తగా ఉంటుంది. మామూలు జిలేబీ కావాలంటే ఉత్త "జిలిపి" అని ఉన్న అట్ట చూడండి.

రెండోది "ఖీర్". మనకు అది పాయసం. ఇక్కడ పాయసాన్ని "పాయేష్" అంటారు. ఖీర్ అంటే బాగా మరిగించి చిక్కబరిచిన పాలు, ఇంచుమించు కోవా. "ఖీర్ కదమ్" కొని గిన్నెలో పోసివ్వమన్నవాళ్లున్నారు. అది లోపల చిన్న రసగుల్లా, పైన కోవా పూత ఉన్న గుండ్రని మిఠాయి.

"బోందే" మన బొండా కాదు, పాకంలో వేసిన తీపి బూంది. "దర్వేష్" అంటే రంగురంగుల బూంది లడ్డు. "నారు" కొబ్బరి ఉండ.

బర్ధమాన్ నుంచి వచ్చే "సీతాభోగ్" చూసి పలావు అనుకోవడం సహజం. తెల్లటి సన్న మెతుకుల మధ్య చిన్నచిన్న గోధుమరంగు ఉండలు ఉంటాయి. ఆ మెతుకులు అన్నం కాదు, బియ్యప్పిండి, ఛానా కలిపి జల్లెడలోంచి నేతిలోకి రాల్చినవి. దాని జోడీ "మిహిదానా", ఆవగింజంత సన్నని బూంది. రెంటికీ 2017 లో జీఐ గుర్తింపు వచ్చింది.

"కొరా పాక్", "నొరొమ్ పాక్" అంటే?

సందేశ్ పక్కన రాసే మాటలు, ధర కన్నా ముందు చూడాల్సినవి. ఛానాను చక్కెరతో పొయ్యి మీద కలిపేటప్పుడు ఎంతసేపు ఉంచారన్నదే తేడా. నొరొమ్ పాక్, అంటే లేతపాకం, తడిగా, నోట్లో వెన్నలా ఉంటుంది. ఆ రోజే తినాలి, ఎండాకాలంలో సాయంత్రానికే పులుపు వాసన మొదలవుతుంది. కొరా పాక్, అంటే ముదురుపాకం, గట్టిగా, పొడిగా, అచ్చు గుర్తులు స్పష్టంగా ఉంటాయి. కొన్ని రోజులు నిలుస్తుంది.

"జల్‌భరా" అని రాసి ఉంటే అది చందన్‌నగర్ పేరు చెప్పి అమ్మే సందేశ్, తాటిముంజె ఆకారంలో ఉండి లోపల గులాబీ పన్నీరు పాకమో, బెల్లం పాకమో ఉంటుంది. తెల్లచొక్కా వేసుకుని కొరకవద్దు.

నోలెన్ గుర్ అంటే తాటిబెల్లమేనా?

కాదు, ఈతబెల్లం. ఇక్కడ ఖేజూర్ అనేది మన ఈతచెట్టు, తాటిచెట్టును తాల్ అంటారు. చలికాలంలో ఈతచెట్టుకు గాటు పెట్టి రాత్రి కుండ కట్టి, తెల్లారి దించిన నీరాను కాచి చేస్తారు. "ఝోలా గుర్" అంటే జారుగా ఉన్నది, "పాటాలీ" అంటే అచ్చు కట్టినది. రసగుల్లా, సందేశ్ పక్కన "నోలెన్ గుర్" అని చేరిస్తే పీసుకు కొన్ని రూపాయలు ఎక్కువ. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆ డబ్బు పెట్టొచ్చు. జూన్‌లో కూడా ఆ అట్ట కనిపిస్తే నిలవ బెల్లమో, ఎసెన్సో అయి ఉంటుంది, మామూలు తెల్లదే తీసుకోండి.

అదే కాలంలో వచ్చే "జయనగరేర్ మోయా"ను పేలాల ఉండ అనుకోవచ్చు. కనకచూర్ అనే ధాన్యం పేలాలను ఈతబెల్లంతో కలిపి కడతారు. నలిపితే మెత్తగా విడిపోవాలి, రాయిలా ఉంటే పాతది.

రైల్లో ఊరికి తీసుకెళ్లడానికి ఏవి కొనాలి?

విజయవాడకే ఇంచుమించు ఇరవై గంటలు. కొరా పాక్ సందేశ్ ముందు పెట్టుకోండి, తర్వాత పాకంతో సహా సీలు వేసిన డబ్బా రసగుల్లా. చలికాలమైతే పాటాలీ బెల్లం. నొరొమ్ పాక్, మిష్టి దోయి, రసం ఎక్కువగా ఉండే కొత్త రసగుల్లాలు కొట్టువాడు ఎంత బాగా కట్టిచ్చినా మోయకండి. కొనేటప్పుడు "ట్రేనే జాబో" అనండి, రైల్లో వెళ్తున్నామని. మంచి కొట్టువాడైతే నిలవ ఉండని పెట్టెను తనే వెనక్కి జరుపుతాడు.

కొట్టువాళ్లను ఏమని పిలవాలి, ఎలా అడగాలి?

మగవాళ్లను "దాదా", ఆడవాళ్లను "దిది". వాళ్లు మీ ఇంటి ఆవిణ్ని "బౌది" అంటే వదిన అని, మీ అమ్మగారిని "మాషిమా" అంటే పిన్నిగారు అని పిలుస్తారు, తప్పుగా అనుకోకండి. చేపలవాడు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ "గోటా, నా కాటా?" అనే. జవాబు సిద్ధంగా పెట్టుకుని వెళ్లండి. నిండు చేప తీసుకుంటే తూకం వేయకముందే ధర ఇంకోసారి చెప్పించుకోండి, ముక్కలు ఎంత మందం కావాలో వేలితో చూపించండి. కత్తిపీట లాంటి "బోంటీ" మీద పడ్డాక ఆ చేప మీదే.